పరాజయం మాస్టారు

మా స్పోర్ట్స్ డెస్కులో ఒక పెద్దాయన ఉన్నారు. అసలు పేరు జీతాల రిజిస్టరులో ఉంటుంది గానీ అందరికీ ఆయన పరాజయం మాస్టారే. గెలిచిన కెప్టెన్ జోలికి ఆయన వెళ్లరు. “గెలిచినవాడు అడక్కపోయినా చెబుతాడు, మైకు పట్టుకోవడానికి స్టాండు చాలు” అంటారు. ఓడిన కెప్టెన్ ప్రశ్నలు మాత్రం ఆయన చూడందే బయటికి పోవు.

కొత్తగా చేరిన కుర్రాళ్లకి ఆయన పెట్టే పరీక్ష ఒకటే. 2023 నవంబరు 19, అహ్మదాబాద్, వరల్డ్ కప్ ఫైనల్. స్కోరుకార్డు ముందు పడేసి “రోహిత్ వస్తున్నాడు, అడుగు” అంటారు.

మొన్న చేరిన కుర్రాడు ఉత్సాహంగా రాసుకొచ్చాడు: “ఇంత ఘోర పరాజయం తర్వాత మీకెలా అనిపిస్తోంది, రాహుల్ నిదానంగా ఆడటమే కొంప ముంచిందా, టాస్ గెలిచి ఉంటే ఏం చేసేవారు, ఇక మీ భవిష్యత్తు ఏమిటి?”

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టారు. “ఒక్క ఊపిరిలో నాలుగు ప్రశ్నలు. ఇందులో ఏది సుఖంగా ఉంటే దానికి జవాబు చెప్పి కెప్టెన్ లేచిపోతాడు. టాస్ గురించి రెండు ముక్కలు చెబుతాడు, నువ్వు రాసుకుంటావు.” ఎర్ర పెన్ను తీసి “ఘోర” కొట్టేశారు. ఎంత ఘోరమో కెప్టెన్‌కి మనకంటే బాగా తెలుసుట. “ఎలా అనిపిస్తోంది” కూడా పోయింది. ఆ మాట రాసినవాడు డెస్కందరికీ టీ పోయించాలని రూలు. రాహుల్ పేరూ ఎగిరిపోయింది. తోటి ఆటగాడిని వేలెత్తి చూపమంటే ఏ కెప్టెనైనా వెనకేసుకొస్తాడు, అక్కడితో తలుపు మూసుకుంటుంది.

భవిష్యత్తు దగ్గరికి వచ్చేసరికి మాస్టారికి 2016 గుర్తొస్తుంది. వాంఖడేలో వెస్టిండీస్ చేతిలో సెమీఫైనల్ ఓడిన రాత్రి, ఇంకా ఆడతారా అని ఒక ఆస్ట్రేలియా విలేకరి అడిగితే, ధోనీ అతన్ని పిలిచి పక్క కుర్చీలో కూర్చోబెట్టి ఎదురు ప్రశ్నలు వేశాడు. “ఓడిన గంటలో రిటైర్మెంట్ అడిగితే ఇంటర్వ్యూ నీదవుతుంది” అని మాస్టారు తీర్పు.

తర్వాత కొత్త కాగితం తీసి స్వయంగా రాశారు: “పది ఓవర్లకి 80 పరుగులు వచ్చాయి. తర్వాతి 40 ఓవర్లలో నాలుగే ఫోర్లు, సిక్స్ లేదు. ఆ మధ్య ఓవర్లలో ఎంత స్కోరు సరిపోతుందని అనుకున్నారు?”

“ఎందుకు ఆడలేకపోయారు అని లేదేంటి సార్?” అన్నాడు కుర్రాడు.

“‘ఎందుకు’ అంటే సంజాయిషీ అడిగినట్టుంటుందిరా. ‘ఏమనుకున్నారు’ అంటే ఆలోచన చెబుతాడు. అంకెలు కఠినంగా ఉండొచ్చు, గొంతు ఉండకూడదు.”

ఆయన అసలు విద్య రెండో ప్రశ్నలో ఉంది. అది ముందే రాసుకునేది కాదు, కెప్టెన్ నోటి మాటలోంచి పుట్టాలి. కోహ్లి, రాహుల్ ఆడుతున్నప్పుడు 270, 280 అనుకున్నామని, తర్వాత వికెట్లు పోయాయని రోహిత్ మైదానంలోనే చెప్పాడు. మనవాళ్లు 240కి ఆగారు. మామూలు విలేకరి తల ఊపి కాగితంలో తర్వాతి ప్రశ్నకి దూకుతాడు. మాస్టారైతే అక్కడే ఆగుతారు: “280 అనుకున్నారు కదా, ఆ లెక్క ఏ దశలో తగ్గించుకున్నారు?” కోహ్లి అవుటైనప్పుడా, రాహుల్ అవుటైనప్పుడా అని చాయిస్ ఇవ్వరు. ఇస్తే ఒకటి ఎంచుకుని ఊరుకుంటాడుట. అడిగాక నోరు మూసుకోవాలి. కెప్టెన్ రెండు క్షణాలు మౌనంగా ఉంటే కంగారుపడి మనమే జవాబు అందించకూడదు.

మరో కాగితంలో ఒకే లెక్క ఉంది: ఆస్ట్రేలియా 47కి 3, ఆ తర్వాత హెడ్, లబుషేన్ 192 పరుగుల భాగస్వామ్యం. “ఆ జోడీని విడదీయడానికి ముందు ఏ ప్రయత్నం చేశారు, తర్వాత ఏం మార్చారు?” మీడియా మేనేజర్ ఒక్కరికి ఒక్క ప్రశ్నే అంటే, 280 ప్రశ్నకి కుర్రాడు, ఈ ప్రశ్నకి పక్క డెస్కు అబ్బాయి. పంపకం గదిలోకి వెళ్లకముందే అయిపోవాలి.

ఈ విద్య ఇంట్లో పారదు. ఒకరోజు సాంబారు అడుగంటిందని మాస్టారు ఎంతో మర్యాదగా, “పోపు వేసే సమయానికి మంట ఎంతలో ఉందనుకున్నావు?” అని అడిగారుట. “ప్రెస్ మీట్ అయిపోయింది, పెరుగేసుకోండి” అన్నారుట ఆవిడ.

కుర్రాడు కాగితాలు మడిచి జేబులో పెట్టుకుంటూ, “ఇంతకీ ఆ రాత్రి ప్రెస్ మీట్‌లో రోహిత్ ఏం చెప్పాడు సార్?” అన్నాడు.

“రోహిత్ రాలేదు. కోచ్ ద్రవిడ్ వచ్చాడు. కూర్చుని ఆయనకీ ఒక కాగితం రాయి.”