పదకొండో ప్రశ్నకు నేను పెట్టిన టిక్కు

వాల్మీకిపురంలో బడిపంతులుగా పనిచేసినంత కాలం వీధిలో వాళ్ల దరఖాస్తులన్నీ నేనే నింపిపెట్టేవాణ్ణి. రేషన్ కార్డయినా, పింఛనయినా ఇబ్బంది పెట్టే ప్రశ్న వస్తే 'లేదు' అని రాస్తే పని త్వరగా తెములుతుందని నాకొక గట్టి నమ్మకం. ఆ నమ్మకంతోనే అమెరికా వెళ్లే విమానంలో తప్పుడు సంతకం చేశాను.

కోడలికి నెలలు నిండుతున్నాయని నేనూ నా భార్యా బెంగళూరు మీదుగా బయల్దేరాం. దిగబోయే ముందు కస్టమ్స్ ఫారం చేతికిచ్చారు. దాని నంబరు 6059బి. ఒక కుటుంబానికి ఒక్క ఫారం చాలు. సంతకం చేసినవాడే అందరి సామానుకూ పూచీ. 11వ ప్రశ్నలో పండ్లు, కూరగాయలు, మొక్కలు, విత్తనాలు, తిండి పదార్థాలు తెస్తున్నారా అని అడుగుతారు. తర్వాత మాంసం, జంతువుల నుంచి వచ్చే వస్తువుల సంగతి. ఇంకా కిందికి వస్తే మట్టి తెస్తున్నారా, పొలానికో పశువులు మేసే బీడుకో వెళ్లారా అని. 12వ ప్రశ్న పశువుల దగ్గర మెలిగారా, వాటిని తాకారా అని.

అన్నిటికీ 'నో' దగ్గర టిక్కు పెట్టాను. బయల్దేరిన రోజు పొద్దున ఆవు పాలు పితికి, టమాటా తోటకు నీళ్లు కట్టి వచ్చినవాణ్ణి. ఆ తోటలో నడిచిన బూట్లే కాళ్లకున్నాయి. పక్క సీట్లోనే ఉన్న భార్యను సంచిలో ఏమేం సర్దావని కూడా అడగలేదు. 'ఎస్' అని పెడితే అక్కణ్ణించే వెనక్కి పంపేస్తారని భయం.

ఇమిగ్రేషన్ కౌంటర్లో ఎందుకొచ్చారు, ఎన్నాళ్లుంటారు అని అడిగి, తిండి పదార్థాలేమైనా ఉన్నాయా అని ఆ అధికారి నోటితో మళ్లీ అడిగాడు. తనిఖీ మొదలవక ముందే ఉన్నది చెప్పి ఫారం దిద్దుకుంటే ఒప్పుకుంటారు. అది నాకు దొరికిన రెండో అవకాశం. అప్పుడూ లేవన్నాను.

సామాను తీసుకునే చోట ఒక చిన్న బీగిల్ కుక్క మా మధ్యగా వచ్చింది. మొరగలేదు, మీద పడలేదు. నా భార్య చేతిసంచి పక్కన కూర్చుంది. వాసన పట్టానని చెప్పడానికి దానికి నేర్పిన సైగ అదే. పక్కగదిలో సంచి విప్పారు. తడిగుడ్డలో చుట్టిన కరివేపాకు రెమ్మలు, కొడుక్కని పెట్టిన మటన్ పచ్చడి, మామిడికాయ ఊరగాయ బయటికొచ్చాయి. ఊరగాయ చూసి తిరిగి ఇచ్చేశారు. మిగతావి తీసేసుకున్నారు. వాటి కోసం కాదు, లేవని సంతకం చేసినందుకు 300 డాలర్ల జరిమానా వేశారు. మొదటి తప్పుకు అది వెయ్యి డాలర్ల దాకా ఉండొచ్చట. నా కొడుకు కట్టాడు. "నాయనా, ఉన్నాయని చెప్పి ఉంటే వాటిని పారేసి పంపేసేవాళ్లు, అంతే" అన్నాడు.

కరివేపాకుకింత రాద్ధాంతమా అని ఆ రోజు కోపమొచ్చింది. కారణం తెలిశాక సిగ్గేసింది. కరివేప, చీనీ, నిమ్మ ఒకే కుటుంబం చెట్లు. కరివేప లేత చిగుళ్ల మీద గుడ్లు పెట్టే సిల్లా పురుగే నిమ్మజాతి చెట్లకు గ్రీనింగ్ తెగులు అంటిస్తుంది. ఆకు మచ్చలు మచ్చలుగా పసుపెక్కుతుంది, కాయ వంకరపోయి అడుగున పచ్చగానే ఉండిపోతుంది, చెట్టు ఏళ్ల తరబడి నీరసించి చస్తుంది. తెగులు సోకిన చెట్టును బాగుచేసే మందు లేదు. ఫ్లోరిడాలో ఆ పురుగు 1998లో, తెగులు 2005లో బయటపడ్డాయి. అక్కడి నారింజ తోటల్లో చాలా భాగం దానికే పోయింది. మటన్ సంగతీ అంతే. మన పశువులకు వచ్చే గాలికుంటు వ్యాధి అమెరికాలో 1929 తర్వాత కనపడలేదు. బూట్ల మట్టితో కూడా అది పోగలదు. పొలానికి వెళ్లారా అని అడిగేది అందుకే. వెళ్లామంటే బూట్లు చూసి, మట్టి ఉంటే శుభ్రం చేయిస్తారు. పొలమున్న మనిషిని, పశువులున్న మనిషిని, ఆ ప్రశ్న ఎందుకడిగారో నాకే తెలియాల్సింది.

నేను నింపాల్సింది ఇలా: తిండి పదార్థాలకు 'ఎస్', మాంసానికి 'ఎస్', పొలానికి 'ఎస్', పశువులకు 'ఎస్'. ఏమేం ఉన్నాయని అడిగితే నోటితో చెప్పి చూపించాలి. ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో కాగితం లేదు, అధికారే అడుగుతాడు. ప్రశ్నలు అవే, చెప్పిన మాటకు పూచీ కూడా అంతే.

మా వీధిలో ఎవరైనా పిల్లల దగ్గరికి బయల్దేరుతుంటే ఇప్పుడు సంచులన్నీ నా ఎదుట విప్పమంటాను. మాంసం పచ్చళ్లు, కరివేపాకు తీయిస్తాను. బియ్యం కూడా తీయిస్తాను, ఖాప్రా పురుగు భయంతో మన దేశం నుంచి దాన్ని రానివ్వరు. కరివేపాకు అక్కడి ఇండియా కొట్లలోనే దొరుకుతుంది. ఊరగాయ ఉంచి, దానికి ఎదురుగా 'ఎస్' దగ్గర టిక్కు పెట్టమంటాను.