గీత లేచింది, మార్కులు పడ్డాయి

గ్రాఫ్ చూసి పేరా రాయమంటే చాలు, మన విద్యార్థుల దగ్గర ఒక సర్వరోగ నివారిణి సిద్ధంగా ఉంటుంది: "మొదట్లో తక్కువగా ఉండి, క్రమంగా పెరిగి, మధ్యలో తీవ్ర ఒడిదుడుకులకు లోనై, చివరకు శిఖరాగ్రానికి చేరింది." టమాటా ధరకైనా, హీరో పారితోషికానికైనా, రోగి జ్వరానికైనా అక్షరం మార్చక్కర్లేదు. భాష బాగుందని దిద్దేవారు ఐదుకు నాలుగు వేస్తారు. తగ్గిన ఆ ఒక్క మార్కూ ఏ స్పెల్లింగ్ తప్పుకో పోయి ఉంటుంది.

ఈ మందును హవాయిలోని మౌనా లోవా గ్రాఫ్ మీద వేసి చూద్దాం. అక్కడ 1958లో చార్లెస్ కీలింగ్ గాలిలో కార్బన్ డయాక్సైడ్‌ను కొలవడం మొదలుపెట్టినప్పుడు అది సుమారు 315 పీపీఎమ్, అంటే పది లక్షల అణువుల్లో 315. 2023 సగటు సుమారు 421. నిలువు గీత మీద అంకెలు 310 నుంచి మొదలయ్యాయనుకోండి. తొలి బిందువు అడుగు నుంచి 5 గడుల ఎత్తున, చివరిది 111 గడుల ఎత్తున కనిపిస్తాయి. కంటికి ఇరవై రెండు రెట్లు! అసలు పెరిగింది మూడో వంతు. ఆ "తీవ్ర ఒడిదుడుకులు" ఏటా చెట్లు చిగురించి ఆకు రాల్చే క్రమంలో వచ్చే ఆరేడు పీపీఎమ్ తేడా, మొత్తంలో నూటికి రెండు వంతులు కూడా కాదు. ఇక యూనిట్ చూడని మహానుభావుడు "421 శాతం" అని రాస్తాడు. గాలినంతా పోగేసినా నూరు శాతమే కదా! దాని మీదా టిక్కు పడుతుంది.

గ్రాఫ్ గీసినవాడిదే మోసమనడం కుదరదు. సున్నా నుంచి గీస్తే ఆ ఏటేటి రంపపు పళ్లు దాదాపు కనిపించకుండా పోతాయి. 310 నుంచి గీయడానికి కారణముంది, ఆ అంకె పక్కనే రాసి ఉంది కూడా. చదవనివాడికి మార్కెందుకు?

"ఇది ఇంగ్లిష్ పరీక్షండీ, సైన్స్ కాదు" అంటారు. ఐఈఎల్‌టీఎస్ అకడమిక్ కూడా ఇంగ్లిష్ పరీక్షే. అక్కడ వర్ణనకు అండగా అంకెలు లేకపోవడాన్ని ఐదో బ్యాండ్ లక్షణాల్లో చెప్పారు, తక్కిన పేరా ఎంత సొగసుగా ఉన్నా సరే. నిజానికి "దూసుకెళ్లింది" అనాలా, "మూడో వంతు పెరిగింది" అనాలా అన్నది భాషకు సంబంధించిన నిర్ణయమే. స్కేలు చూడకుండా ఆ క్రియను ఎంచుకోవడం ఎలా?

పేపర్ల కట్టలు ఎదురుగా ఉంటే ఇంత చూసే తీరికెక్కడిదనే మాటలో కొంత న్యాయముంది. కానీ దీనికి పట్టేది పది సెకన్లు. గ్రాఫ్ మీది అంకెలనూ యూనిట్లనూ చేత్తో మూసి పేరా చదవండి. అప్పటికీ ఒక్క మాటా అడ్డు తగలకపోతే విషయానికి సున్నా, చేతిరాతకు మీ దయ. "315 నుంచి 421 పీపీఎమ్‌కు" అని రాసినవాడి పేరాలో శిఖరాగ్రం లేకపోయినా మార్కులు వాడివే.