వడ్డీ కంటే ముందే కోత

దుబాయ్‌లో ఉన్నవాడంటే మన బ్యాంకులకు మహా గౌరవం. వాళ్ల నాన్న గుమ్మం ఎక్కితే కుర్చీ వేస్తారు, కొత్త కేలండరు చుట్ట చుట్టి చేతికిస్తారు, దీపావళికి శుభాకాంక్షల మెసేజీ పంపుతారు. ఆ గౌరవానికి రేటు కూడా ఖరారైంది. నూటికి 31 రూపాయల 20 పైసలు.

విదేశంలో ఉంటున్నవాడి ఎన్‌ఆర్‌ఓ డిపాజిట్ మీద వచ్చే వడ్డీలో 30 శాతం పన్ను, ఆ పన్ను మీద 4 శాతం సెస్సు ముందే పట్టుకోమని చట్టం. ఊళ్లో ఉన్నవాడికైతే ఏడాది వడ్డీ ఇంత దాటితేనే అని ఓ గీత ఉంది, దాటినా పట్టేది పది శాతమే. ఎన్‌ఆర్‌ఓకి గీతా లేదు గాతా లేదు. వంద రూపాయల వడ్డీ వచ్చినా కోతే. అక్కడ సంపాదించి ఎన్‌ఆర్‌ఈ ఖాతాకి పంపిన డబ్బు వడ్డీకి ఇక్కడ పన్ను లేదు గానీ, కోనసీమ కుర్రాడికి ఇక్కడ కూడా ఏదో ఒకటి ఉంటుంది కదా. కొబ్బరి దింపు డబ్బులో, తాతగారి వాటా అమ్మిన సొమ్మో, అవన్నీ ఎన్‌ఆర్‌ఓలోనే పడాలి.

మా రాజోలు మావయ్య కొడుకు, అంటే నాకు బావ, దుబాయ్‌లో ఉంటాడు. వాటాకొచ్చిన 30 లక్షలు 2024 ఏప్రిల్ మొదట్లో ఏడు శాతానికి డిపాజిట్ వేశాడు. మూడు నెలలకి వడ్డీ 52,500 రావాలి. ఖాతాలో పడింది 36,120. మావయ్య పాసుబుక్కు పట్టుకుని బ్యాంకుకి వెళ్లాడు.

"ఏవండీ, వడ్డీ ఇలా చిక్కిపోయిందేంటండీ?"

"టీడీఎస్ అండి. మీవాడు డిక్లరేషను ఇవ్వలేదు కదండీ."

"ఆయ్, ఇచ్చాం కదండీ! ఫారం 15హెచ్ నేనే నింపి సంతకం పెట్టానండి."

"అది ఇక్కడ ఉండే పెద్దవాళ్లకండీ. మీవాడు అక్కడ ఉన్నాడు, పైగా అరవై నిండలేదు."

బావ తరఫున అరవై నిండినవాడు సంతకం పెట్టాడు కదా అని మావయ్య వాదన. ఆఫీసరు గారు ఓపికమంతుడు. అసలు కావలసిన డిక్లరేషను ఏమిటో అప్పుడు చెప్పాడు. మన దేశానికీ యుఏఈకీ పన్నుల ఒప్పందం ఉంది. దాని ప్రకారం ఇలాంటి వడ్డీ మీద 12.5 శాతానికి మించి పట్టకూడదు. ఆ రేటు కావాలంటే బావ అక్కడి నివాసి అని యుఏఈ ఫెడరల్ టాక్స్ అథారిటీ ఇచ్చే ధ్రువపత్రం తేవాలి, మన ఆదాయపు పన్ను పోర్టల్లో ఫారం 10ఎఫ్ ఆన్‌లైన్‌లో నింపాలి, ఆ వడ్డీ తనకే చెందుతుందనీ ఇండియాలో తనకు శాశ్వత వ్యాపార స్థావరం ఏదీ లేదనీ రాసివ్వాలి. ఇదంతా ఒకసారి ఇస్తే జన్మకి సరిపోదు. ఏటేటా ఇవ్వాలి.

స్థావరం దాకా బావకు బెంగ లేదు. ధ్రువపత్రం దగ్గరే చిక్కింది. ఏడాదిలో 183 రోజులు అక్కడే ఉన్నట్టు రాకపోకల నివేదిక ఇవ్వగలడు. ఇంటి అద్దె ఒప్పందం కూడా అడుగుతారు. బావ ఉండే గదిలో మంచాలకి కొదవ లేదు గానీ, ఒప్పందం మాత్రం ఇంకొకరి పేరు మీద ఉంది. జీతం మీద పన్ను లేని దేశంలో పన్ను నివాసినని నిరూపించుకోవడానికి పాపం అతగాడు తంటాలు పడుతుండగానే ఇక్కడ నాలుగు త్రైమాసికాలు గడిచాయి. త్రైమాసికానికి 16,380 చొప్పున మొత్తం 65,520 రూపాయలు ఢిల్లీ చేరాయి.

ఇక్కడ మన జనం అంతా పొరబడే చోటు ఒకటుంది. బ్యాంకు కోసింది చట్టం ప్రకారమే, అందులో తప్పు లేదు. అయితే బ్యాంకు పట్టిన రేటు బావ కట్టాల్సిన పన్ను కాదు. 2024-25లో కొత్త పన్ను విధానంలో మూడు లక్షల దాకా పన్ను లేదు, ఆ మినహాయింపు విదేశంలో ఉన్నవాడికీ ఉంది. ఇండియాలో బావ ఆదాయం ఆ 2,10,000 వడ్డీ ఒక్కటే. కట్టాల్సిన పన్ను సున్నా. ధ్రువపత్రం దొరికి ఒప్పందం రేటు ఇచ్చినా 26,250 కోసేవారు, అదీ ఎక్కువ కోతే. వడ్డీ 15 లక్షలున్నవాడికి కూడా ఆ ఏడాది శ్లాబుల్లో పన్ను సెస్సుతో 1,45,600, ఒప్పందం రేటులో 1,87,500. ఏది చవకో అది ఎంచుకోవచ్చు. చిన్న ఆదాయాలకి ఒప్పందం వల్ల లాభమల్లా ముందే పోయే డబ్బు కాస్త తగ్గడమే. కోసినదాన్ని మాత్రం బ్యాంకు వెనక్కివ్వదు. "రిటర్ను వేసుకోండి" అని కౌంటరు అవతలి నుంచి విసిరే మాట వినడానికి గెంటేసినట్టే ఉంటుంది గానీ, ఆ బ్రాంచిలో అంతకంటే పనికొచ్చే మాట ఇంకెవరూ చెప్పరు.

రిటర్ను అంటే ఐటీఆర్-2. వేసేముందు పోర్టల్లో ఫారం 26ఏఎస్ తెరిచి చూడాలి. బావది మే నెలలో తెరిస్తే 49,140 మాత్రమే కనబడింది. మావయ్యకు గుండె ఆగినంత పనైంది. నాలుగో విడత ఎక్కడికీ పోలేదు. జనవరి-మార్చి లెక్కను బ్యాంకు ఫారం 27క్యూలో దాఖలు చేయడానికి మే 31 దాకా గడువుంది. అది పడ్డాక అంకె నిండింది. తొందరపడి మేలోనే వేస్తే కనబడని 16,380కి రీఫండు ఆగేది.

రెండో గొయ్యి పాన్. 2023 జులై నుంచి ఆధార్‌తో కలపని పాన్లు పనిచేయడం మానేశాయి. ఎన్‌ఆర్‌ఐలకు ఆ నిబంధన లేదు, కానీ పోర్టల్లో ఎన్‌ఆర్‌ఐ అని నమోదు లేకపోతే పోర్టల్‌కి ఆ సంగతి తెలిసేదెలా? పాన్ నిద్రపోతే రీఫండు రాదు, ఆ కాలానికి దాని మీద వడ్డీ కూడా ఉండదు. బావ పాస్‌పోర్టు, వీసా కాపీలు పంపి దాన్ని లేపాడు. తర్వాత రీఫండు పడే ఖాతాని పోర్టల్లో ధ్రువీకరించాలి, రిటర్ను వేసిన 30 రోజుల్లో వెరిఫై చేయాలి.

గడువులోగా వేస్తే రీఫండు మీద ఏప్రిల్ నుంచి నెలకు అర శాతం వడ్డీ ఇస్తారు. డిపాజిట్‌లో ఏడు శాతం తెచ్చే డబ్బుని తీసుకెళ్లి ఆరు శాతానికి దాచి పెట్టినందుకు సర్కారు వారికి దణ్ణం పెట్టాలి. ఆ వడ్డీని మరుసటి ఏడాది ఆదాయంలో చూపించాలని మాత్రం మరిచిపోకూడదు.

బావ డబ్బు వచ్చింది. అప్పుడు మావయ్యకు పాత పాసుబుక్కులు గుర్తొచ్చాయి. 2021-22లోనూ చిన్న డిపాజిట్ ఒకటుంది, దాని మీదా 31.2 కోశారు, రిటర్ను వేయలేదు. సాధారణ గడువు దాటిపోయింది. అప్‌డేటెడ్ రిటర్ను అంటూ ఇంకొకటుంది గానీ అది పన్ను కట్టడానికే, రీఫండు అడగడానికి పనికిరాదు. ఇక మిగిలిన దారి సెక్షన్ 119(2)(బి) కింద ఆలస్యాన్ని మన్నించమని అర్జీ. 2024 అక్టోబరు 1 నాటి సర్క్యులర్ ప్రకారం అసెస్‌మెంట్ సంవత్సరం ముగిశాక ఐదేళ్ల దాకా ఇది పెట్టుకోవచ్చు. అంటే 2028 మార్చి దాకా బావకు వీలుంది. కోటి రూపాయల లోపు క్లెయిమ్ అయితే ప్రిన్సిపల్ కమిషనరు నిర్ణయిస్తారు. ఆలస్యానికి సరైన కారణం చెప్పాలి, నిజమైన ఇబ్బంది ఉందని చూపాలి.

"కారణం ఏం రాద్దాంరా? బ్యాంకోళ్లు చెప్పలేదని రాసేదా?"

"చెప్పారు మావయ్యా. ఖాతా తెరిచినప్పుడు సంతకం పెట్టిన కాగితాల్లో ఎక్కడో ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో ఉండే ఉంటుంది."

"మరి ఇబ్బంది సంగతి? నేను పడ్డ ఇబ్బంది రాయడానికి ఈ కాగితం చాలదే!"

చాలకపోతే అదనపు కాగితాలు జతపరచుకోవచ్చని చెప్పాను.