తరుగు యాడున్నా మా ఇంటికే

బుక్కరాయసముద్రంలో బంగారం మెడలో కంటే బ్యాంకు బీరువాలోనే ఎక్కువ రోజులుంటుంది. జూన్‌లో మబ్బు కనబడితే శెనక్కాయ విత్తనాలకు డబ్బు కావాలి, గొలుసు కుదువకు పోతుంది. వాన పడితే సంక్రాంతికి ఇంటికొస్తుంది. పడకపోతే వడ్డీ కట్టి, ఇంకో ఏడు అక్కడే ఉండు తల్లీ అని దండం పెట్టి వస్తాం.

ఈ ఏడు కుదువకు పోయినప్పుడు, పెళ్ళిచూపుల నాటి నుంచి ఆరు తులాలని చెప్పుకుంటున్న మా సొత్తును బ్యాంకులో పరీక్షించే ఆయన తూచి, 51 గ్రాములని రాశాడు. "రాళ్ళు, లక్క పోగా ఇంతే సార్" అన్నాడు. తొమ్మిది గ్రాముల అబద్ధాన్ని ఇన్నేళ్ళు మెడలో మోశామన్నమాట.

ఆ రాత్రి ట్రంకుపెట్టె దింపి, బిల్లులన్నీ పరిచి, కంప్యూటర్లో పట్టిక మొదలుపెట్టాను. తేదీ, వస్తువు, మొత్తం బరువు, నికర బరువు, రేటు, మజూరీ, పన్ను. చివర నగ మీద చెక్కే ఆరక్షరాల హెచ్‌యూఐడీ నంబరుకొక గడి. అది 2021 జూలైలో వచ్చింది కాబట్టి పాత నగలకు ఆ గడి ఖాళీ. అమ్మ హారానికి బిల్లే లేదు.

"ఎప్పుడు కొన్నారమ్మా?"

"మీ నాయన కరువొచ్చిన ఏడు కొన్యాడ్రా."

అనంతపురం జిల్లాలో అది తేదీ కాదు. ఆ గడీ ఖాళీనే.

ఇక నా భార్య గొలుసు. లెక్క తేలికగా ఉండడానికి గ్రాము రేటు 6,000 అనుకుందాం. నికర బరువు 10 గ్రాములు, మజూరీ, తరుగు కలిపి 12 శాతం.

| వివరం | రూపాయలు |
|---|---|
| బంగారం విలువ | 60,000 |
| మజూరీ, తరుగు 12 శాతం | 7,200 |
| రెండూ కలిపి | 67,200 |
| జీఎస్టీ 3 శాతం | 2,016 |
| కట్టింది | 69,216 |

బంగారానికి 3, మజూరీకి 5 అని మా వీధి అరుగు మీద ఒక లెక్క నడుస్తుంది. నిజానికి తయారుగా ఉన్న నగ కొంటే మొత్తం మీద 3 శాతమే. మన బంగారమిచ్చి చేయించుకుంటే కూలి మీద పడేది ఆ 5. ఇది తెలిశాక అరుగు మీద నాలుగు రోజులు పండితుణ్ణయ్యాను.

అయిదో రోజు ఇంకో గడి చేర్చాను, పాండిత్యం దిగిపోయింది. మనం పెట్టింది తిరిగి రావాలంటే గ్రాము రేటు ఎంతకు చేరాలి? E గడిలో రేటు, F గడిలో మజూరీ శాతం గుర్తుతో 12% అని ఉంటే సూత్రమిది:

```
=E2*(1+F2)*1.03
```

జవాబు 6,921 రూపాయల 60 పైసలు. అంటే రేటు 15 శాతం పైన పెరిగితేగానీ మేం బయలుదేరిన చోటికి చేరం. అంతవరకు అది పొదుపు కాదు, నగ. బరువు గడిలో ఉన్నది పొదుపు, మజూరీ గడిలో ఉన్నది ఖర్చు. బ్యాంకాయన మొదటిదే చూస్తాడు.

పట్టిక కిందికి పోయేకొద్దీ ఇంకో సంగతి బయటపడింది. ఆ గొలుసు మొదట నెక్లెసు, అంతకు ముందు నల్లపూసలు. మోడల్ పాతబడిందని మార్చినప్పుడల్లా కొత్త నగ మొత్తానికీ మళ్ళీ మజూరీ, మళ్ళీ పన్ను. మొలక ఎండిన చేలో రెండోసారి, మూడోసారి విత్తనం వేసినట్టు! చేను అదే, విత్తనం ఖర్చు మాత్రం మూడింతలు.

అమ్మకు చదివి వినిపించాను. ఆమె శెనక్కాయలు ఒలుస్తూ అంది: "మనం కాయలమ్మితే మన్నుందని, తేమ ఉందని తరుగు తీసేస్తారు. బంగారం కొంటే తరుగని కలుపుతారు. అమ్మినా కొన్నా తరుగు మన ఇంటికే వస్తాందేమ్రా?"

అర్థశాస్త్రమంతా ఆ చేటలో ఉంది. నేను ఊరికే కంప్యూటర్ కొన్నాను.

సరే, ఈసారి బిళ్ళ కొందామన్నాను. మజూరీ నామమాత్రం, రాళ్ళుండవు, లక్కుండదు. 4 గ్రాముల బిళ్ళ తెచ్చి, పట్టికలో గర్వంగా ఎక్కించాను. పొదుపంటే ఇదీ అన్నాను.

"బాగుందండీ. పెళ్ళికి పోయేటప్పుడు దీన్ని చేతిలో పట్టుకుని అందరికీ చూపించాల్నా?" అంది నా భార్య.

మర్నాడు బిళ్ళ కంసాలి దగ్గరికి పోయింది. మా ఆవిడ చిల్లు పెట్టించి, కొక్కెం వేయించి, నల్లదారం కట్టించి తెచ్చింది. పట్టికలో కొత్త వరస రాయక తప్పలేదు: కొక్కెం కూలి 300. నికర బరువు దిద్దాలి కదా అని అడిగాను.

"చిల్లు పెట్టినప్పుడు రాలిన పొడి ఏమైంది?"

"కంసాలి ఊదేశాడు. ఏందన్నా అది అంటే, తరుగు అన్నాడు."