తలలెన్ని? ప్లేట్లెన్ని?

గౌరవనీయులైన హెచ్‌ఆర్ మేనేజర్ గారికి, అడ్మిన్ మేనేజర్ గారికి, ఈ రెండూ కాకుండా ‘ఫన్ కమిటీ’లో పేరు పడిన పాపానికి ఈ బరువు నెత్తికెత్తుకున్న ఇంజినీరు బాబుకి,

మాదాపూర్‌లో హోటలు నడుపుకుంటున్న ఒక యజమాని నమస్కరించి రాయునది.

ఏడాది చివరి పార్టీల కాలం వచ్చేసింది. విదేశాల్లోని మీ క్లయింట్లు క్రిస్మస్ సెలవులకు వెళ్లేలోపు మీ పార్టీ అయిపోవాలి, అదీ శుక్రవారం రాత్రే అయిపోవాలి. కాబట్టి హైటెక్ సిటీ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఉన్న కంపెనీలన్నీ ఒకే శుక్రవారం కోసం ఫోన్లు చేస్తాయి. మంగళవారం మధ్యాహ్నం రండి, ప్లేటుకి వంద రూపాయలు తగ్గిస్తానంటే ‘మంగళవారం రిలీజ్ ఉందండీ’ అంటారు. మంగళవారం నాన్‌వెజ్ తినేవాళ్లు తక్కువ కనుక నాకు కలిసొస్తుందని నేను పైకి చెప్పను. మీ రిలీజ్ ఎప్పుడో వాయిదా పడిందని మీరూ చెప్పరు. అక్కడితో చెల్లుకు చెల్లు.

ఇక ప్యాకేజీలు. సిల్వర్ 550, గోల్డ్ 650, ప్లాటినం 850. ఫోటోలు చూసి మోసపోకండి, ఫోటోలో ఉన్నది నా బిర్యానీ కాదు. సిల్వర్‌లో సూప్, రెండు వెజ్ స్టార్టర్లు, ఒక చికెన్ స్టార్టర్, చికెన్ బిర్యానీ, వెజ్ బిర్యానీ, పనీర్ కూర, పప్పు, రుమాలీ రోటీ, గులాబ్ జామూన్. గోల్డ్ తీసుకుంటే ఇంకో చికెన్ స్టార్టర్ కలుస్తుంది, గులాబ్ జామూన్ పోయి ఖుబానీ కా మీఠా వస్తుంది. ప్లాటినంలో మటన్, చేప, మీ ముందే వేడివేడిగా వేసిచ్చే దోసె కౌంటరు ఉంటాయి. కుర్చీలకు తెల్లగుడ్డ కట్టి వెనక రిబ్బను ముడేస్తాం. పప్పు మాత్రం మూడింటికీ ఒకే గిన్నెలోంచి వస్తుంది.

ప్లాటినం అన్నారు కదా అని మటన్ మీ ఇష్టం వచ్చినంత అనుకోకండి. బఫేలో వంటకాల వరస ఊరికే పెట్టేది కాదు. ముందు సలాడ్లు, తర్వాత నూడుల్స్, రోటీలు, పప్పు, పనీర్, చివర్న మటన్. అక్కడికొచ్చేసరికి మీ ప్లేటులో చోటుండదు. పప్పు గరిట మీ చేతికే వదిలేస్తాం, మటన్ గరిట మాత్రం మా కుర్రాడి చేతిలోనే ఉంటుంది. వాడికి నేర్పిన విద్యల్లా రెండు ముక్కలు వేసి చిరునవ్వు నవ్వడమే. మూడో ముక్క అడిగితే ఇంకా పెద్ద చిరునవ్వు నవ్వుతాడు. ‘అన్‌లిమిటెడ్’ అని కరపత్రంలో వేయించారు కదా అంటారా? నవ్వు అన్‌లిమిటెడే.

ఇవన్నీ చిల్లర విషయాలు. అసలు వ్యాపారమంతా ఒక్క అంకె మీద నడుస్తుంది. దాన్ని మా భాషలో ‘మినిమం గ్యారంటీ’ అంటాం. ఎంతమంది వచ్చినా, రాకపోయినా అన్ని ప్లేట్లకు మీరు డబ్బు కడతారన్న మాట. రేటు గురించి మీరు గంటన్నర బేరమాడతారు, ఈ అంకె గురించి అరనిమిషం కూడా మాట్లాడరు. అందుకే ఇది కాస్త వివరంగా రాస్తున్నాను.

నిరుడు మా దగ్గరికొచ్చిన ఒక కంపెనీ సంగతి చెబుతాను. పేరు చెప్పను, ఈసారి కూడా రావాలి కదా. చదువుతూ ఉంటే మీకే తెలుస్తుంది. మొదటి ఫోన్లో ‘మూడొందల మంది, రేటెంత?’ అన్నారు. మూడొందలు వినగానే నోరూరి, 700 అనాల్సింది 650 అన్నాను. వారానికి పర్చేజ్ ఆర్డర్ వచ్చింది. రేటు 650 అలాగే ఉంది, మనుషులు మాత్రం 180 అయ్యారు. అడిగితే ‘కొంతమంది వర్క్ ఫ్రమ్ హోమ్ అండీ’ అన్నారు. కొంతమందిని అంతకు రెండు వారాల ముందే ఇంటికి పంపేశారని తర్వాత తెలిసింది, అది వేరే సంగతి. పార్టీ మాత్రం ‘మనమంతా ఒకే కుటుంబం’ అన్న బ్యానరు కిందే జరిగింది.

180 అంటే మేం పదిశాతం కలిపి 198 మందికి వండుతాం. ఆ కలిపింది మా భయానికి, మీ ఆకలికి కాదు. నాన్‌వెజ్ 120, వెజ్ 60 అని చీటీలో రాశారు. స్టార్టర్లున్న బఫేలో కిలో బాస్మతికి కిలోంబావు కోడి వేస్తే పదిమందికి సరిపోతుంది. ఆ లెక్కన 120 మందికి పన్నెండు కిలోలు, భయంతో కలిపి పధ్నాలుగు కిలోల బియ్యం దేగ్‌లోకి ఎక్కింది. ఆ రాత్రి వచ్చినవాళ్లు 220 మంది. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకు బిర్యానీ వాసన ఇంటి దాకా వచ్చినట్టుంది.

ఇలాంటప్పుడు ముందు అయిపోయేది బిర్యానీయే. అయిపోబోతోందని మీరు కనిపెట్టాలంటే దేగ్ దగ్గర మా ఉస్తాద్ చేతిని చూడండి. మొదట్లో గరిటను నిలువుగా అడుగుదాకా దించి మసాలా, ముక్కలు, అన్నం కలిపి తీస్తాడు. సరుకు తగ్గేకొద్దీ అంచుల నుంచి అడ్డంగా గీకుతాడు, ముక్క ఒకటే వస్తుంది, తెల్లన్నం పెరుగుతుంది. అప్పుడు మళ్లీ దమ్ వేస్తామంటే అయ్యే పని కాదు. కోడి ముందే నానేసి ఉన్నా పొయ్యి మీద పెట్టి మూత తీసేసరికి గంట దాటుతుంది. అందుకని పది నిమిషాల్లో అయ్యే చికెన్ ఫ్రైడ్ రైస్ దించి, ‘షెఫ్స్ స్పెషల్’ అని చీటీ పెడతాం. మీవాళ్లు ఫోటో తీసుకుని మరీ తిన్నారు.

పనీర్ ఇంకా ముందే అయిపోయింది. 60 మంది వెజ్ అన్నారని పనీర్ 60 మందికే చేస్తే చాలదు. వెజ్ వంటకం అందరూ తింటారు, నాన్‌వెజ్ వంటకం నాన్‌వెజ్ వాళ్లే తింటారు. చికెన్ ప్లేటులో పక్కగా పనీర్ వేసుకోనివాణ్ని నేనింతవరకు చూడలేదు. పైగా డిసెంబర్‌లో మీ చీటీలోని వెజ్ అంకెను నమ్మడానికి లేదు. ఆఫీసులో సగం టీముల్లో ఒక్కో స్వామి ఉంటాడు. నెల మధ్యలో ధనుర్మాసం మొదలవుతుంది. శుక్రవారం ముట్టనివాళ్లు ఉండనే ఉంటారు. వీళ్లంతా మీరు ఆగస్టులో పంపిన ఫారంలో నాన్‌వెజ్ అని టిక్కు పెట్టినవాళ్లే. కాబట్టి దయచేసి పార్టీకి మూడు రోజుల ముందు మళ్లీ అడగండి. మాలలో ఉన్న స్వాములకు మాత్రం మా వంటగదిలోంచి ఏమీ పెట్టను. కోయని పండ్లు, మూత తీయని నీళ్ల సీసాలు విడిగా ఒక బల్ల మీద ఉంచుతాను, ప్లేటు లెక్కలో వెయ్యను.

అర్ధరాత్రి అసలు పార్టీ మొదలవుతుంది. నేను పేర్చినవి 250 ప్లేట్లు, మిగిలినవి 30. వాడినవి 220, గ్యారంటీ 180, కాబట్టి పైన 40 అన్నాను. మీ అడ్మిన్ గారు ఊరుకోలేదు. ‘రెండోసారి వడ్డించుకున్నవాళ్లు కొత్త ప్లేటు తీసుకున్నారు, తలలు లెక్కపెట్టండి’ అన్నారు. డీజే పాటకు ఊగుతున్న తలలను లెక్కపెట్టడం నావల్ల కాలేదు. చివరికి గేటు దగ్గర స్కాన్ చేసిన బ్యాడ్జీలు చూస్తే సరిగ్గా 220 తేలింది. ఆయన ముఖం చూడలేకపోయాను. ఈసారి గేటు లెక్కే ఇద్దరికీ లెక్క అని ఒప్పందంలోనే రాద్దాం. ప్లేట్ల లెక్కలో నాకు లాభమే, కానీ ఆ పోట్లాటకు వయసు సహకరించడం లేదు.

ఉపన్యాసం గురించి కూడా ఒక మాట. వడ్డన ఎనిమిదిన్నరకు అన్నారు. మీ సీఈవో గారు తెర మీద ప్రత్యక్షమై పదీ పదికి దిగారు. వేడి వంటకం 60 డిగ్రీల పైన ఉండాలన్నది ఆహార భద్రత నియమం. అందుకని అడుగున మంట తియ్యలేం, తియ్యకపోతే పనీర్ రబ్బరవుతుంది, దేగ్ అడుగున బిర్యానీ ఎండిపోతుంది. ‘వచ్చే ఏడాది సవాళ్లతో కూడినది’ అని ఆయన నాలుగోసారి అన్నప్పుడు ఉస్తాద్ వచ్చి ‘సాబ్, దమ్ నికల్ గయా’ అన్నాడు. బిర్యానీ గురించో, ఉద్యోగుల గురించో నేనడగలేదు. ఈ ఏడాది ముందు వడ్డన, తర్వాతే సవాళ్లు.

మందు మీరే తెచ్చుకుంటామంటున్నారు, సంతోషం. ఎక్సైజ్ శాఖ ఈవెంట్ పర్మిట్ చూపించకుండా నా హాల్లో మూత తియ్యనివ్వను. ‘మాకు తెలిసినవాళ్లున్నారు’ అనే మేనేజర్లు దయచేసి ఆ తెలిసినవాళ్ల చేతే పర్మిట్ తెప్పించండి.

ఇప్పుడు నిరుటి బిల్లు. 220 ప్లేట్లు, 650 చొప్పున 1,43,000. జీఎస్టీ 5 శాతం, అంటే 7,150. మొత్తం 1,50,150 రూపాయలు. ఆ జీఎస్టీని మీ క్రెడిట్‌లో చూపించుకోవచ్చా అని మీ అకౌంట్స్ వారు ఏటా అడుగుతారు. తిండి మీద ఆ క్రెడిట్ రాదని నేను ఏటా చెబుతాను. నాది సొంత వ్యాపారం కనుక 1 శాతం టీడీఎస్ కింద 1,430 పట్టుకుని మిగతాది ఇవ్వాలి. ఇవ్వడానికి ముందు వెండర్ కోడ్ కావాలన్నారు. దానికి పాన్, రద్దు చేసిన చెక్కు, జీఎస్టీ సర్టిఫికెట్, ఉద్యమ్ సర్టిఫికెట్, పదకొండు పేజీల నైతిక నియమావళి మీద సంతకం. మా హోటల్లో బాల కార్మికులు లేరని, వజ్రాలు దిగుమతి చేసుకోనని, సైబర్ దాడి జరిగితే 24 గంటల్లో తెలియజేస్తానని రాసిచ్చాను. కోళ్లవాడు మాత్రం ఆ రోజు పొద్దున్నే నగదు పట్టుకెళ్లాడు, వాడికి వెండర్ కోడ్ అంటే ఏమిటో తెలీదు.

‘మా పాలసీ ప్రకారం 90 రోజులు’ అన్నారు. చిన్న సంస్థలకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. దాటితే ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో డబ్బు చేతికిచ్చిన ఏడాదే చూపించుకోవాలి. ఈ సంగతి మీ హెచ్‌ఆర్‌తో చెబితే ‘చూద్దామండీ’ అన్నారు. అకౌంట్స్‌తో చెబితే నాలుగు రోజుల్లో డబ్బు పడింది. అందుకే ఈ ఉత్తరం నకలు వారికి కూడా పంపుతున్నాను.

అడ్వాన్సు సగం. మూడు కొటేషన్లు కావాలన్న మీ నిబంధన నాకు తెలుసు కనుక మిగతా రెండూ కూడా నేనే జత చేస్తున్నాను. ఒకటి మా బావమరిది హోటలుది, రెండోది మా తోడల్లుడిది. ఇద్దరి రేట్లూ నాకన్నా ఎక్కువే ఉంటాయి. వంట మాత్రం మా ఉస్తాదే.

ఇట్లు,
మీ వెండర్ (కోడ్ ఈ ఏడాది మళ్లీ కొత్తగా తీసుకోవాలట)