మంచం ఎక్కితేనే జబ్బు

మన ఆరోగ్య బీమా కంపెనీలకు మంచమంటే మహా గౌరవం. రోగి ఎవరు, రోగం ఏమిటి అన్నవి తర్వాతి సంగతులు. ముందు మంచం ఎక్కాడా లేదా, ఎక్కినవాడు 24 గంటలపాటు బుద్ధిగా దాని మీదే ఉన్నాడా అన్నది తేలాలి. కీమోథెరపీకి, రేడియేషన్‌కి ఈ షరతు సడలించి, డే కేర్ అని పేరు పెట్టి చాలా కాలమైంది. పొద్దున వెళ్లి సెలైన్‌తో మందు ఎక్కించుకుని సాయంత్రం ఇంటికి రావచ్చు. రేడియేషన్ మెషిన్ కింద పది నిమిషాలు పడుకుని లేచి రావచ్చు. రెంటిలోనూ కాసేపైనా నడుం వాలుస్తాం కదా, కంపెనీ మనసు కుదుటపడుతుంది. ఇంతలో సైన్సువాళ్లు ఊరుకోకుండా క్యాన్సర్ మందును మాత్రగా చేసి చేతిలో పెట్టారు. నిలబడి మింగే మందు! చిక్కంతా అక్కడ మొదలైంది.

మా బావగారికి 58 ఏళ్లు. బీడీ ముక్క ముట్టి ఎరగరు. ఆయాసమని వెళ్తే ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందని చేర్చుకుని, గొట్టం వేసి నీరు తీసి, మూడో రోజు పంపించారు. ఆ నీటిని, ముక్కను పరీక్ష చేస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. జన్యు పరీక్షలో ఈజీఎఫ్‌ఆర్ మార్పు ఉందన్నారు. పొగ తాగనివాళ్లలో ఈ రకం తరచుగా కనిపిస్తుందట. దానికి గురి చూసి కొట్టే మందు ఒసిమెర్టినిబ్. రోజుకు 80 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, పనిచేసినంత కాలం వేసుకోవాలి. 2024 బడ్జెట్‌లో కేంద్రం కస్టమ్స్ సుంకం ఎత్తేసిన మూడు క్యాన్సర్ మందుల్లో ఇదొకటి. అంటే ఢిల్లీలో ఆర్థికమంత్రికి కూడా తెలిసిన మందే. తెలియనిది క్లెయిముల గుమాస్తాకు మాత్రమే.

మొదట్లో కంపెనీ మర్యాదగానే ఉంది. ఆసుపత్రిలో ఉన్న మూడు రోజుల బిల్లు ఇచ్చింది. చేరకముందు 30 రోజుల్లో చేయించిన స్కానులకు ఇచ్చింది. డిశ్చార్జి తర్వాత 60 రోజుల వరకు మందుల ఖర్చు పాలసీలో ఉంది కాబట్టి ఆ రోజుల్లో కొన్న మాత్రలకూ ఇచ్చింది. బావగారు ‘మనవాళ్లే నయం’ అని నలుగురికీ చెప్పుకున్నారు. అరవై దాటాక కొన్న డబ్బాకు బిల్లు పంపితే మూడు లైన్ల ఉత్తరం వచ్చింది. ఇది ఔట్‌పేషెంట్ వైద్యమట, పాలసీలో లేదట. అదే మాత్ర, అదే డాక్టరు, అదే మంచినీళ్ల గ్లాసు. అరవయ్యో రోజు రాత్రి దాకా క్యాన్సర్‌గా ఉన్న జబ్బు తెల్లారేసరికి జలుబైపోయింది.

నేను కంపెనీకి ఫోన్ చేశాను.

“అమ్మా, కీమోథెరపీకి పాలసీలో కవర్ ఉంది కదా?”

“ఉంది సార్. కానీ పేషెంట్‌ది కీమో కాదు సార్, టార్గెటెడ్ థెరపీ.”

“సరే. సెలైన్‌లో ఎక్కించే కీమో అయితే ఇచ్చేవాళ్లా?”

“తప్పకుండా సార్.”

“అది ఈ జబ్బుకు ఇంత బాగా పనిచెయ్యదంటున్నారు డాక్టరుగారు.”

“అది డాక్టరుగారి నిర్ణయం సార్. మేం ట్రీట్‌మెంట్‌లో జోక్యం చేసుకోం.”

ఎంత నిష్కామకర్మో చూడండి!

నిజానికి ఈ తగువు తీర్చే మాట బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లోనే చెప్పింది. పన్నెండు రకాల ఆధునిక చికిత్సలను పాలసీల నుంచి తీసెయ్యకూడదంది. నోటి ద్వారా తీసుకునే కీమోథెరపీ, ఇంజెక్షన్‌గా ఇచ్చే మోనోక్లోనల్ యాంటీబాడీలు అందులో ఉన్నాయి. అయితే ఆ వాక్యానికి తోక ఉంది. ఆసుపత్రిలో చేరిగానీ, డే కేర్‌లోగానీ, ఆసుపత్రికి బదులు ఇంట్లోనే చేసే డొమిసిలరీ వైద్యంగాగానీ ఉండాలి. దానికి మరో తోక, కంపెనీ ఈ చికిత్సలకు విడిగా పరిమితి పెట్టుకోవచ్చు. మొదటి తోక పట్టుకుని కంపెనీ ‘మీరు చేరలేదు కదా’ అంటుంది. పోనీ నెలకోసారి చేరి, నర్సమ్మ చూస్తుండగా మాత్ర మింగి వస్తానంటే, అవసరం లేకపోయినా చేరారంటుంది. రెండో తోకను అంత తొందరగా బయటపెట్టదు. మొదటిది తెగాక వాడుకోవడానికి దాచుకుంటుంది. బావగారి పాలసీ 5 లక్షలు, ఆధునిక చికిత్సలకు అందులో సగమే. గెలిస్తే వచ్చేది ఏడాదికి రెండున్నర లక్షలు. పాలసీ సంవత్సరం మారితే ఆ లెక్క మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది కాబట్టి తీసిపారెయ్యాల్సిన మొత్తం కాదు.

ఈ పన్నెండింటిలోనే స్టీరియోటాక్టిక్ రేడియోసర్జరీ కూడా ఉంది. మెదడులో చిన్న మచ్చ కనిపిస్తే దాని మీదికే సూటిగా రేడియేషన్ పంపడం. ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోతుంది. తల మొత్తానికి పది రోజులిచ్చే మామూలు రేడియేషన్‌కు పాలసీ మొత్తం వర్తిస్తుంది, ఈ సూటిదానికి సగం పరిమితే. గురి బాగా కుదిరినందుకు జరిమానా అనుకోవాలి.

ఇవన్నీ చాలవన్నట్టు కంపెనీకి డిశ్చార్జి సమ్మరీలో ఇంకో లైను దొరికింది. ‘పొగ తాగే అలవాటు’ అని. ఊపిరితిత్తుల వార్డులో రాత్రి డ్యూటీ కుర్రడాక్టరు అలవాటుగా రాసిపారేశాడు. ఇక దాచిపెట్టి పాలసీ తీసుకున్నారన్న అనుమానం. దీనికి మనం ప్రమాణాలు చేసి లాభం లేదు. వైద్యం చేసిన డాక్టరే ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద దిద్దుబాటు ఇవ్వాలి, సంతకం, తేదీ, ముద్రతో సహా. ఆసుపత్రి నుంచి కదిలేముందే ఆ కాగితం మొదటి పేజీ చదువుకునుంటే ఈ తిరుగుడు ఉండేది కాదు. పాలసీ ఎడతెగకుండా 60 నెలలు నడిస్తే, మోసం రుజువు చేస్తే తప్ప దాచారన్న వంక చెల్లదు. బావగారిది ఏడో ఏడు. ఆ సంగతి రాయగానే కంపెనీకి పొగ వాసన తగ్గింది.

మాత్ర తగువు మాత్రం సాగింది. బావగారి అబ్బాయి ముందు ఫోన్లు మానేసి, ఏ క్లాజు కింద తిరస్కరించారో కాగితం మీద ఇమ్మన్నాడు. కంపెనీ లోపల క్లెయిముల సమీక్ష కమిటీ చూడకుండా ఏ క్లెయిమునూ తిరస్కరించకూడదని 2024 నుంచి నిబంధన ఉంది. కమిటీ ఎప్పుడు చూసిందని అడిగాడు. క్యాన్సర్ డాక్టరుతో ఉత్తరం రాయించాడు. అందులో జాలి మాటలేమీ లేవు. ఇది నోటి ద్వారా ఇచ్చే క్యాన్సర్ వైద్యమనీ, సెలైన్ కీమోకు బదులుగా ఇస్తున్నదనీ, ఎందుకివ్వాలో జన్యు పరీక్ష నివేదిక చెబుతోందనీ, మొదలైన తేదీ, మోతాదు ఇవీ అని మాత్రమే ఉంది. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి పంపి నెల ఆగాడు. జవాబు రాలేదు. అప్పుడు హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు రాశాడు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానాంకూ అదే ఆఫీసు. 50 లక్షల దాకా తగువులు వింటుంది. ఫీజు లేదు, లాయర్‌ను పెట్టుకోనివ్వరు. కంపెనీ కాదన్న ఏడాదిలోపు వెళ్లాలి.

ఆ వాదన ఇంకా తెగలేదు. ఈలోపు రెన్యువల్ నోటీసు వచ్చింది. బావగారికి రోషం పుట్టి ‘వీళ్లకింకా కట్టాలా, పడేద్దాం’ అన్నారు. ఇంటిల్లిపాదీ కలిసి ఆపారు. పడేస్తే క్యాన్సర్ ఉన్న మనిషికి కొత్త పాలసీ రాసే కంపెనీ దొరకడం గగనం. కట్టుకుంటూ పోతే మాత్రం, క్లెయిములు ఎక్కువయ్యాయన్న కారణంతో రెన్యువల్ కాదనే హక్కు వీళ్లకు లేదు. ఆయన గడువుకు ముందే డబ్బు కట్టి, రసీదు అబ్బాయి ఫైల్లో పెట్టించి, ఆ రోజు మాత్ర నిలబడే వేసుకున్నారు.