పది వేలు అని రాసినంత మాత్రాన: రాంబిల్లిలో పవర్ బ్యాంకు కొనేవాళ్ళు వినకూడని సలహాలు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటాక మా వైపు ఊళ్ళల్లో రోజుల తరబడి కరెంటు లేదు. కబురు తెలియడానికి ఫోనొక్కటే దిక్కు, ఆ ఫోనుకు చార్జింగు లేదు. ఆ తర్వాత నుంచి రాంబిల్లి తీరాన ఇంటికో పవర్ బ్యాంకు మామూలైపోయింది. వేటకెళ్ళే వాళ్ళకు ఇది ఇంకా ముఖ్యం. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ పంపే చేపల జాడ, అలల హెచ్చరిక, పడవ ఎక్కడుందో చూపే మ్యాపు అన్నీ ఫోన్లోనే ఉంటాయి. నడి సముద్రంలో అది ఆరిపోతే చేసేదేమీ ఉండదు. అందుకే దీన్ని కొనేటప్పుడు చెవిన పడే తప్పుడు సలహాలను ఒక్కొక్కటిగా విప్పి చూపిద్దామనుకుంటున్నాను.

“ఐఎస్ఐ ముద్ర ఉందో లేదో చూస్కో బావా, చాలు.”

ఈ సలహా మంచి మనసుతో చెప్పేదే. ఇస్త్రీపెట్టె, వైరు, ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు కొన్నప్పుడు అది సరైన మాట కూడా. కానీ ఫోను చార్జరుకు, పవర్ బ్యాంకుకు ఐఎస్ఐ ముద్ర ఇవ్వరు. వాటికి బీఐఎస్ వారి వేరే పద్ధతి ఉంది, దాన్ని తప్పనిసరి రిజిస్ట్రేషన్ అంటారు. అందులోకి వచ్చే వస్తువుల జాబితా 2012లో మొదలైంది. హుద్‌హుద్ వచ్చి వెళ్ళిన మరుసటి నెల, 2014 నవంబరులో, మొబైల్ ఫోన్లు, పవర్ అడాప్టర్లు, పవర్ బ్యాంకులు అందులో చేరాయి. కాబట్టి పవర్ బ్యాంకు డబ్బా మీద ఐఎస్ఐ ముద్ర కనబడితే అది భరోసా కాదు, అనుమానించాల్సిన విషయం. ఆ ముద్ర దానికి లేనే లేదు మరి.

ఉండాల్సింది బీఐఎస్ రిజిస్ట్రేషన్ గుర్తు. దాని పైన ప్రమాణం సంఖ్య ఉంటుంది, చాలా వాటి మీద ఐఎస్ 13252 అని కనిపిస్తుంది. కింద ఆర్ అనే అక్షరం, అడ్డగీత, ఎనిమిది అంకెలు ఉంటాయి. అట్టపెట్టె మీద ఒక్కచోటే ఉంటే సరిపోదు, వస్తువు ఒంటి మీద కూడా వెతకండి. పెట్టె మార్చడం తేలిక.

ఇక్కడితో ఆగితే సగం పనే అయినట్టు. ఆ ఎనిమిది అంకెలను ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. వేరే కంపెనీ నంబరు ఎత్తి అతికిస్తే పైచూపుకు తేడా తెలియదు. అందుకని ఫోన్లో బీఐఎస్ కేర్ అనే యాప్ పెట్టుకుని, రిజిస్ట్రేషన్ నంబరు సరిచూసే చోట ఆ అంకెలు కొట్టండి. నంబరు ఎవరి పేరున ఉందో, ఏ వస్తువుకు ఇచ్చారో, ఏ బ్రాండుకు వర్తిస్తుందో, ఇంకా చెల్లుబాటులో ఉందో అది చూపిస్తుంది. మీ చేతిలోది పవర్ బ్యాంకు, తెర మీద వచ్చింది ఎల్‌ఈడీ బల్బు అయితే సంగతి తేలిపోయినట్టే. నంబరు నిజమైనదే అయినా బ్రాండు పేరు కలవకపోతే కూడా వదిలేయండి. “నంబరు వచ్చింది కదా” అని సంతృప్తి పడేవాళ్ళు మోసపోయేది ఇక్కడే. పేరు, వస్తువు, బ్రాండు మూడూ కలవాలి.

సీఈ అని రెండక్షరాలు చూపించి “ఫారిన్ క్వాలిటీ” అనేవాళ్ళున్నారు. అది యూరప్‌లో అమ్మే వస్తువుకు తయారీదారు తనంతట తాను వేసుకునే ముద్ర. మన దేశంలో దాన్ని బట్టి ఏమీ తేల్చలేం.

అన్నిటికంటే ముఖ్యమైన సంగతి మరొకటుంది, చాలామందికి ఇది తట్టదు. బీఐఎస్ రిజిస్ట్రేషన్ భద్రతకు సంబంధించినది. షాకు కొట్టకుండా, మంట అంటుకోకుండా కట్టారా లేదా అన్నదే అక్కడి పరీక్ష. పది వేలు అని రాసినందుకు లోపల నిజంగా పది వేలు ఉన్నాయా అన్న ప్రశ్నకు ఆ ముద్ర జవాబు చెప్పదు. ముద్రను, కెపాసిటీని విడివిడిగా చూడాల్సిందే.

“ఫోను అయిదు వేలు, బ్యాంకు పది వేలు. రెండుసార్లు ఎక్కకపోతే నకిలీదే.”

ఈ లెక్క నమ్మి మంచి వస్తువును దుకాణానికి తిప్పిచ్చేవాళ్ళున్నారు. ఒకసారి ఫోను నిండగానే “బాగానే ఉంది” అని నాసిరకం వస్తువుకు సర్దుకుపోయేవాళ్ళూ ఉన్నారు. లెక్క ఎక్కడ తప్పిందో చూద్దాం.

ఎంఏహెచ్ అనేది ఒక్కటే చెబితే చాలదు, ఎన్ని వోల్టుల దగ్గర అన్నది కూడా కావాలి. బస్తాలెన్నో చెప్పి, బస్తాకు ఎన్ని కేజీలో చెప్పకపోతే ధాన్యం ఎంతో తెలియనట్టే ఇది కూడా. పవర్ బ్యాంకు లోపలి లిథియం బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర పనిచేస్తుంది. పది వేలు అన్నది అక్కడి మాట. అసలు శక్తి ఇది:

10,000 × 3.7 ÷ 1000 = 37 వాట్‌అవర్లు

మనం కేబుల్ పెట్టే చోట మామూలుగా బయటికొచ్చేది 5 వోల్టులు. 37ను 5తో భాగిస్తే 7,400 ఎంఏహెచ్ అవుతుంది. 3.7ను 5గా మార్చే సర్క్యూటు కొంత వేడిగా తినేస్తుంది కాబట్టి అది కూడా మొత్తం రాదు. మంచి బ్యాంకులో నూటికి 85 దాకా బయటికొస్తుంది, అంటే రమారమి 31, 32 వాట్‌అవర్లు.

ఇప్పుడు ఫోను వైపు చూడండి. 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ, 3.85 వోల్టులు అనుకుంటే 19 వాట్‌అవర్ల పైచిలుకు. ఎక్కించుకునేటప్పుడు ఫోను కూడా కొంత పోగొట్టుకుంటుంది. నూటికి 15 పోయిందనుకుంటే బ్యాంకు ఇచ్చిన 32లో ఫోన్లోకి చేరేది 27. దాన్ని 19తో భాగిస్తే ఒకటిన్నరకు కాస్త తక్కువ. అదీ నిఖార్సయిన పది వేల బ్యాంకు పని. రెండు ఎన్నటికీ రాదు.

నిజాయతీగా అమ్మే కంపెనీ ఈ తేడాను దాచదు. పది వేలు అని పెద్ద అక్షరాల్లో రాసినా, వెనక చిన్న అక్షరాల్లో 37 వాట్‌అవర్లు అని, పక్కన రేటెడ్ కెపాసిటీ అని 5,500 నుంచి 6,500 మధ్య ఒక సంఖ్య, అది ఎన్ని వోల్టుల దగ్గరో కూడా రాస్తుంది. కొనేవాళ్ళు ఈ చిన్న అంకె చూసి “ఇది తక్కువదిరా” అని పక్కన పెట్టేసి, ఆ అంకే లేని దాన్ని కొనుక్కుపోతారు. చేయాల్సింది తలకిందులు. రేటెడ్ కెపాసిటీ రాయని దాన్నే పక్కన పెట్టాలి.

ఇంటికి తెచ్చాక పరీక్షించుకోవచ్చు. బ్యాంకును నిండా నింపండి. ఫోను నూటికి 20 దగ్గరున్నప్పుడు ఫ్లైట్ మోడ్‌లో పెట్టి, తెర ఆర్పి, బ్యాంకుతో వందకు తీసుకెళ్ళండి. కేబుల్ తీసేసి, మళ్ళీ 20కి దిగేదాకా వాడి, ఇంకోసారి పెట్టండి. బ్యాంకు పూర్తిగా ఆరిపోయేదాకా ఇలా చేసి ఎక్కిన శాతాలన్నీ కూడండి. 5,000 ఫోనుకు మొత్తం 130 నుంచి 145 మధ్య వస్తే ఆ బ్యాంకు మాట నిలబెట్టుకున్నట్టే. ఫోను పాతదైతే బ్యాటరీ తరిగి ఉంటుంది కాబట్టి ఈ సంఖ్య ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్ష కొత్త ఫోనుతో చేస్తే మంచిది.

మొత్తం 65 దగ్గర ఆగిందనుకోండి. 19లో నూటికి 65 అంటే పన్నెండున్నర వాట్‌అవర్లు. ఫోను పోగొట్టింది, బ్యాంకు సర్క్యూటు తినేసింది కలిపి వెనక్కి లెక్క కడితే లోపలున్నది రమారమి 17. దాన్ని 3.7తో భాగిస్తే 4,600 ఎంఏహెచ్. పది వేలని రాసి సగం కూడా పెట్టలేదన్నమాట.

“బరువుగా ఉంది చూడు అన్నా, లోపల సరుకుంది.”

బరువును నమ్మవచ్చు, కానీ ఒక వైపే. లిథియం సెల్ కేజీకి సుమారు 200 నుంచి 270 వాట్‌అవర్లు మోస్తుంది. 20,000 బ్యాంకుకు 74 వాట్‌అవర్లు కావాలి. అంటే సెల్స్ ఒక్కటే ఎంత కాదన్నా 270 గ్రాములు తూగాలి, డబ్బా, సర్క్యూటు అదనం. 20,000 అని రాసినది కూరగాయల కొట్టు కాటా మీద మొత్తం 200 గ్రాములే తూగితే ఆ మాట అబద్ధం, వేరే రుజువు అక్కర్లేదు. కానీ బరువుగా ఉన్నంత మాత్రాన నిజం అనలేం. ఇసుకో ఇనుప ముక్కో పెట్టి బరువు పెంచినవి దొరుకుతాయి. తక్కువ తూగితే తోసేయండి, ఎక్కువ తూగితే పైన చెప్పిన పరీక్ష చేయండి.

సన్నటి డబ్బా మీద యాభై వేలు అని రాసి అమ్మేవాటికి ఇంకో చిక్కుంది. యాభై వేలు నిజమే అయితే అది 185 వాట్‌అవర్లు. విమానంలో చేతి సంచిలో 100 వాట్‌అవర్ల దాకా తీసుకెళ్ళనిస్తారు, 160 దాటితే అసలు ఎక్కనివ్వరు. గల్ఫ్ వెళ్ళే పిల్లాడికి ఇలాంటిది కొనిపెడితే విమానాశ్రయంలో వదిలేసి వెళ్ళాల్సిందే.

“అరవై అయిదు వాట్లని రాసుంది, ఫాస్ట్ చార్జరే.”

చార్జరు మీద పెద్ద అక్షరాలను వదిలేసి, కింద అవుట్‌పుట్ అని ఉన్న వరుస చదవండి. వోల్టులను ఆంపియర్లతో గుణించండి. 5 వోల్టులు, 2 ఆంపియర్లు అంటే 10 వాట్లు. 65 అని ముందు రాసి, వెనక వరుసల్లో దేన్ని గుణించినా 10, 18 దాటకపోతే ఆ 65 ఎక్కడిది? 20 వోల్టులు, 3.25 ఆంపియర్లు లాంటి ఒక వరుస ఉంటేనే 65 వస్తుంది.

ఉప్పు గాలి తగిలే ఇంట్లో మంచి చార్జరు కూడా పాడవుతుంది. కేబుల్ మూతి దగ్గర పచ్చటి చిలుము పడితే అక్కడ వేడి పుడుతుంది. వేడెక్కగానే నకిలీ అని తేల్చేయకుండా ముందు మరో కేబుల్ పెట్టి చూడండి. పని చేసేటప్పుడు గోరువెచ్చగా ఉండడం మామూలే. చెయ్యి పెట్టలేనంత కాలినా, ప్లాస్టిక్ వాసన వచ్చినా ప్లగ్గు తీసేయండి. పవర్ బ్యాంకు ఉబ్బితే ఇక ఎక్కించడం, వాడడం పూర్తిగా ఆపేసి ఇంటి బయట, మండే వస్తువులకు దూరంగా ఉంచండి. దాన్ని గుచ్చి చదును చేయబోయారంటే మంట లేస్తుంది.

కొనేటప్పుడు బిల్లు అడగండి, దాని మీద బ్రాండు, మోడల్ నంబరు రాయించండి. పేరు, వస్తువు, బ్రాండు కలవని నంబరు దొరికితే బీఐఎస్ కేర్ యాప్‌లోనే ఫిర్యాదు పెట్టే చోటుంది. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను కూడా చేయవచ్చు. అప్పుడు మీ చేతిలో ఉండాల్సింది ఆ బిల్లు, వస్తువు ఒంటి మీది ముద్ర ఫొటో.